షీట్‌లో ఒక్క గడి తప్పితే

2020 మార్చిలో కరోనా కేసులు పెరగడం మొదలైనప్పుడు, ఏ జిల్లాలో ఎన్ని కేసులో ఒకేచోట చూసుకోవడానికి లక్షలమంది covid19india.org తెరిచేవారు. విలేకరులు, పరిశోధకులు కూడా ఆ లెక్కల మీదే ఆధారపడ్డారు. దాని వెనక ఉన్నది అందరూ కలిసి నింపే ఒక గూగుల్ షీట్. వలంటీర్లు ప్రతి రాష్ట్రం బులెటిన్ చూసి జిల్లా, తేదీ, సంఖ్య వరుసగా ఎక్కించేవారు. ఒక ప్రోగ్రామ్ ఆ షీట్‌ను చదివి, లెక్కలు కూడి, వెబ్‌సైట్‌కు పంపేది. 2021 అక్టోబర్ 31న ఆపేసేదాకా ఆ పని ఇలాగే నడిచింది.

ఇలాంటి షీట్లు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. పాల కేంద్రంలో రోజువారీ లీటర్లు, దుకాణాల్లో అమ్మకాలు, హాస్టళ్లలో హాజరు, అన్నీ మనుషులు టైప్ చేస్తారు, యంత్రం చదువుతుంది. మనిషి కంటికి ఇట్టే అర్థమయ్యే తప్పు యంత్రాన్ని ఎలా బోల్తా కొట్టిస్తుందో కరోనా లెక్కల తరహా షీట్‌తోనే చూద్దాం.

అంకెలు మచ్చుకు వేసుకున్నవే. ఒకరోజు గుంటూరుకు 104, కర్నూలుకు 87, కృష్ణాకు 60 ఎక్కించాలి. కృష్ణా దగ్గర టైప్ చేసినవారి వేలు జారి సున్నా బదులు ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం పడింది. గడిలో 6O అని ఉంది. చూసేవారికి అది అరవైలాగే కనిపిస్తుంది. పైథాన్‌లో పట్టికలు చదవడానికి వాడే పాండాస్‌లో `pd.to_numeric(..., errors="coerce")` అని రాసుకుంటే, సంఖ్య కాని ఆ గడి ఖాళీ అయిపోతుంది. కూడేటప్పుడు పాండాస్ ఖాళీలను వదిలేస్తుంది. 251 రావలసిన మొత్తం 191 వస్తుంది. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు, ప్రోగ్రామ్ ఆగదు, సైట్‌లో 191 దర్జాగా కనిపిస్తుంది. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే ఎవరో ఒకరు వెంటనే చూస్తారు. చడీచప్పుడు లేకుండా అరవై కేసులు మాయమైతే ఎవరూ చూడరు. అందుకే ఈ రెండో రకం తప్పే ప్రమాదకరం.

దీనికి విరుగుడు, షీట్‌లోని ప్రతి గడినీ ముందు ఉత్త అక్షరాలుగానే చదవడం. తర్వాత ఒక్కో గడిలో సంఖ్య ఉందో లేదో పరీక్షించి, లేనిదాన్ని వరుస నంబరుతో సహా బయటపెట్టాలి:

```
t = pd.read_csv(url, dtype=str, keep_default_na=False)
n = t["Num Cases"].str.replace(",", "").str.strip()
bad = ~n.str.fullmatch(r"-?[0-9]+")
for i in t.index[bad]:
    print(i + 2, t.at[i, "Detected District"], t.at[i, "Num Cases"])
```

చివర `i + 2` ఎందుకంటే, ప్రోగ్రామ్ లెక్క సున్నాతో మొదలవుతుంది, షీట్‌లో మొదటి వరుస శీర్షికలది. ఈ చిన్న కూడిక చేస్తేనే టైప్ చేసినవారు నేరుగా ఆ వరుసకు వెళ్లి సరిచేయగలరు. ‘డేటాలో తప్పుంది’ అని మాత్రమే చెబితే వేల వరుసల్లో వాళ్లు ఎక్కడని వెతుకుతారు? పైకోడ్ 1,02,345 లాంటి మన కామాలను, అటూ ఇటూ మిగిలిపోయిన ఖాళీలను సర్దుకుంటుంది, ఎందుకంటే వాటికి రెండో అర్థం లేదు. 6O ను మాత్రం 60గా మార్చదు. అక్కడ నిజంగా ఏముండాలో బులెటిన్ చూసినవారే చెప్పాలి.

జిల్లాల పేర్ల దగ్గర ఈ పట్టుదల ఇంకా అవసరం. దగ్గరగా ఉన్న పేరును వెతికి దానంతటదే దిద్దే పద్ధతులు ఉన్నాయి. అవి ‘గుంటుర్’ను గుంటూరుగా చక్కగానే మారుస్తాయి. కానీ 2020లో ఎవరైనా ఉత్త ‘వరంగల్’ అని టైప్ చేస్తే? అప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు జిల్లాలు. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. అదే పేరు ఒక ఏడాది రెండర్థాలది, మరుసటి ఏడాది సరైనది. ఔరంగాబాద్ అయితే అప్పట్లో మహారాష్ట్రలో ఒకటి, బిహార్‌లో ఒకటి. కాబట్టి రాష్ట్రం, జిల్లా జంటగా ఒక ఆమోదిత జాబితా ఉంచుకుని, అందులో లేని పేరున్న వరుసను పక్కన పెట్టడమే క్షేమం. ఈ జాబితా ఇంకో మేలు కూడా చేస్తుంది. ఎవరైనా సౌకర్యం కోసం అడుగున ‘టోటల్’ అని ఒక వరుస చేర్చితే, అది కూడా జిల్లాగా లెక్కకొచ్చి మొత్తం రెట్టింపవుతుంది. ‘టోటల్’ అనే జిల్లా జాబితాలో లేదు కనుక ఆ వరుస గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

తేదీలది వేరే చిక్కు. షీట్ సెట్టింగ్స్‌లో దేశం అమెరికా అని ఉంటే, 05/06/2020 అని కొట్టిన జూన్ 5 కాస్తా మే 6 అవుతుంది. 13/06/2020 మాత్రం పదమూడో నెల లేదు కనుక అక్షరాలుగానే మిగులుతుంది. ఒకే కాలమ్‌లో సగం తేదీలు, సగం అక్షరాలు. భవిష్యత్తు తేదీని తిరస్కరించే పరీక్ష ఒక్కటే పెడితే మే 6 దాటిపోతుంది. కొత్తగా చేరిన వరుస తేదీ గడిచిన మూడు నాలుగు రోజుల్లోదై ఉండాలని పెడితే దొరుకుతుంది.

షీట్‌ను ఏ దారిలో దించుకుంటున్నామనేది కూడా చూసుకోవాలి. గూగుల్ షీట్ చిరునామా చివర `gviz/tq?tqx=out:csv` పెట్టి తెచ్చుకుంటే, గూగుల్ ఒక్కో కాలమ్‌కు ఒక్కో రకాన్ని నిర్ణయిస్తుంది. ఎక్కువ గడుల్లో సంఖ్యలుంటే సంఖ్యల కాలమ్ అనుకుని, అక్షరాలున్న కొద్ది గడులను ఖాళీగా పంపుతుంది. మన పరీక్షకు 6O కనిపించనే కనిపించదు. `export?format=csv` దారిలో గడిలో కనిపించేదే వస్తుంది. ఎవరైనా షీట్ షేరింగ్ తీసేస్తే మాత్రం పట్టికకు బదులు లాగిన్ పేజీ దిగుతుంది. అందుకని మొదట శీర్షికల వరుస సరిగ్గా ఉందో లేదో చూసి, లేకపోతే నిన్నటి మంచి ఫైలునే నిన్నటి తేదీతో చూపించాలి.

వరుసలన్నీ విడివిడిగా సరిగ్గా ఉన్నా మొత్తం తప్పొచ్చు. 104 బదులు 140 పడితే ఏ వరుస పరీక్షా పట్టదు. అక్కడ పనికొచ్చేది బులెటిన్‌లోనే ఉన్న రాష్ట్ర మొత్తం. దాన్ని వేరే గడిలో ఎక్కించి జిల్లాల కూడికతో పోల్చితే 36 తేడా బయటపడుతుంది. గుంటూరు అంకె, కర్నూలు అంకె తారుమారైతే మాత్రం కూడిక మారదు. దానికి ఇంకొకరు బులెటిన్ పక్కన పెట్టుకుని చదవాల్సిందే.

నిన్నటితో పోలిస్తే అంకె విపరీతంగా పెరిగినా, మొత్తం తగ్గినా ప్రోగ్రామ్ కేక వేయాలి, కానీ ఆ వరుసను తనంతట తాను తోసిపుచ్చకూడదు. 2021 జూన్ 9న బిహార్ ప్రభుత్వం పాత మరణాలను మళ్లీ సరిచూసి, 3,951 ఒక్కసారిగా లెక్కలో చేర్చింది. మర్నాడు దేశంలో ఒకరోజు మరణాలు 6,148గా ప్రకటించారు. టైపింగ్ పొరపాటులా కనిపించినా ఆ అంకె అధికారికమే. అలాగే ఒక జిల్లాలో పొరపాటున లెక్కించిన కేసులను మరో జిల్లాకు మార్చినప్పుడు, మొదటి జిల్లాకు మైనస్ అంకె ఎక్కించక తప్పదు. పైకోడ్‌లో `-?` ఉన్నది అందుకే. ఇలాంటి వరుస వచ్చినప్పుడు ప్రోగ్రామ్ దాన్ని నిలిపి ఉంచి, బులెటిన్ లింకు, కారణం నోట్స్ కాలమ్‌లో రాసి ఒక మనిషి ‘సరే’ అన్నాకే లోపలికి పంపుతుంది.