డెంగీ వైరస్ ఆనవాలును ఎలీసా ఎలా పట్టుకుంటుంది?

జ్వరం వచ్చిన రెండో రోజో మూడో రోజో డెంగీ అనుమానం ఉంటే డాక్టర్లు ఎన్‌ఎస్‌1 పరీక్ష రాస్తారు. డెంగీ వైరస్ మన కణాల్లో పెరుగుతూ ఎన్‌ఎస్‌1 అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. మన శరీరం యాంటీబాడీలు తయారు చేసుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కానీ ఈ ప్రొటీన్ జ్వరం మొదలైన రోజు నుంచే రక్తంలో కనిపించవచ్చు. ఈ పరీక్ష వెతికే యాంటీజెన్ అదే. సీరంలో ఉండే ఎన్నో రకాల ప్రొటీన్ల నడుమ దాన్ని పట్టుకునే పద్ధతి శాండ్‌విచ్ ఎలీసా.

ముందుగా, తీసిన రక్తాన్ని గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. పైకి తేలే లేత పసుపు ద్రవమే సీరం. పరీక్ష జరిగేది 96 చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పలకలో. గుంతల అడుగున ఎన్‌ఎస్‌1ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలను కిట్ తయారీదారులు ముందే అతికించి ఉంచుతారు. అవి అంటుకోని ఖాళీ చోట్లను వేరే ప్రొటీన్‌తో కప్పేస్తారు. అలా కప్పకపోతే సీరంలోని సంబంధం లేని ప్రొటీన్లు కూడా ప్లాస్టిక్‌కు అంటుకుని తప్పుడు రంగు చూపిస్తాయి.

ఇప్పుడు గుంతలో 50 నుంచి 100 మైక్రోలీటర్ల సీరం, అంటే ఒకటి రెండు చుక్కలు వేసి, 37 డిగ్రీల వేడిలో గంటో గంటన్నరో ఉంచుతారు. ఎన్‌ఎస్‌1 ఉంటే అది అడుగునున్న యాంటీబాడీకి చిక్కుతుంది. తర్వాత కాస్త డిటర్జెంట్ కలిపిన ఉప్పు ద్రావణంతో గుంతను పలుమార్లు కడుగుతారు. పట్టు దొరకనిదంతా ఆ నీళ్లతో పోతుంది.

ఆపై రెండో యాంటీబాడీ వేస్తారు. ఇది ఎన్‌ఎస్‌1 మీద మరోచోట పట్టుకుంటుంది. మొదటిది కింద నుంచి, రెండోది పైనుంచి పట్టుకోవడంతో యాంటీజెన్ వాటి మధ్య ఇరుక్కుంటుంది. ఒకే ప్రొటీన్‌ను రెండు వేర్వేరు చోట్ల గుర్తుపట్టాలి కాబట్టే ఈ పద్ధతి పొరపడే అవకాశం తక్కువ. కొన్ని కిట్లలో సీరాన్నీ ఈ రెండో యాంటీబాడీనీ ఒకేసారి వేస్తారు.

రెండో యాంటీబాడీకి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. సాధారణంగా అది ముల్లంగి కుటుంబానికి చెందిన హార్స్‌రాడిష్ మొక్క వేరు నుంచి వచ్చే పెరాక్సిడేజ్. మళ్లీ కడిగి, టీఎంబీ అనే రంగులేని ద్రవం పోస్తే ఎంజైమ్ దాన్ని నీలంగా మారుస్తుంది. ఒక్కో ఎంజైమ్ అణువు వేలాది టీఎంబీ అణువులను మార్చగలదు. అందుకే కొద్దిపాటి యాంటీజెన్ ఉన్నా రంగు తేలుతుంది. 1971లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ ఎలీసాను ప్రచురించేనాటికి ఇలాంటి పరీక్షలకు రేడియోధార్మిక పదార్థాలు వాడేవారు. ఆ పనిని ఎంజైమ్‌తో చేయించడమే వారు తెచ్చిన మార్పు.

నిర్ణీత సమయం కాగానే పలచని ఆమ్లం వేస్తారు. చర్య ఆగిపోయి, నీలం పసుపుగా మారుతుంది. ఆ పసుపు 450 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో యంత్రం కొలుస్తుంది.

ఆ అంకె ఒక్కటే చూసి ఫలితం చెప్పరు. ప్రతి పలకలోనూ ఎన్‌ఎస్‌1 ఉన్న నమూనా, లేని నమూనా, హద్దును చూపే నమూనా కూడా ఉంటాయి. ఉదాహరణకు హద్దు నమూనా 0.40, రోగి సీరం 1.20 చూపాయనుకుందాం. 1.20ని 0.40తో భాగిస్తే 3. ఒక రకం కిట్లలో 1 కంటే ఎక్కువైతే పాజిటివ్, 0.5 కంటే తక్కువైతే నెగెటివ్. మధ్యలో వస్తే తేల్చలేమని మళ్లీ చేస్తారు. ఎన్‌ఎస్‌1 లేని నమూనాకే రంగు వచ్చిందంటే కడగడం సరిగా జరగలేదేమో చూడాలి. అప్పుడు ఆ పలకలోని ఫలితాలేవీ చెల్లవు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఈ పరీక్షకు చిక్కని డెంగీ ఉంది. గతంలో డెంగీ వచ్చినవారికి మళ్లీ సోకితే, పాత అనుభవంతో శరీరం వేగంగా యాంటీబాడీలు వదులుతుంది. అవి ఎన్‌ఎస్‌1ను ముందే చుట్టేస్తే కిట్‌లోని యాంటీబాడీలకు పట్టు చిక్కదు. వైరస్ ఉన్నా ఫలితం నెగెటివ్‌గా రావచ్చు. జ్వరం మొదలై రోజులు గడిచేకొద్దీ ఎన్‌ఎస్‌1 కూడా తగ్గిపోతుంది. అందుకే మన దేశంలో తొలి ఐదు రోజుల వరకు ఎన్‌ఎస్‌1 ఎలీసా, ఆ తర్వాత ఐజీఎం యాంటీబాడీలను వెతికే ఎలీసా చేయిస్తారు. రక్తం ఇచ్చేటప్పుడు జ్వరం ఎన్నో రోజో సరిగ్గా చెప్పాలి. నెగెటివ్ వచ్చినా లక్షణాలు డెంగీలాగే ఉంటే డాక్టరు రెండో పరీక్ష రాయడానికి కారణమిదే.