పిన్ను అడగని కార్డు

తెనాలిలో ఒక మందుల షాపు. బీపీ మాత్రల బిల్లు 640 రూపాయలు. నాయనమ్మ చెంగు ముడి విప్పబోతుంటే మనవడు ఆపాడు.

"కార్డు తియ్యి నాయనమ్మా. దీనిమీద నాలుగు వంపు గీతలున్నాయి చూడు, అవి ఉంటేనే తాకించి కట్టొచ్చు. కొత్త కార్డుకి ఈ సౌకర్యం ఆఫ్‌లోనే వస్తుంది. నిన్న ఏటీఎంలో మనం ఆన్ చేసింది దీన్నే."

"గీకొద్దా?"

"వద్దు. ముందు ఆయన మిషన్లో మొత్తం కొడతాడు. 640 అని నువ్వు చదివాకే కార్డు దగ్గర పెట్టు. నాలుగు సెంటీమీటర్ల లోపే ఉండాలి."

ఆవిడ అంకెలు కూడబలుక్కుని చదివి, కార్డు అలా చూపించి లాగేసుకుంది. ఏమీ కాలేదు.

"బీప్ మోగేదాకా ఉంచాలి."

ఈసారి మోగింది.

"రెండుసార్లు పెట్టానే, డబ్బులు రెండుసార్లు పోతాయేమో?" మంచి అనుమానమే.

"మొదటిది పూర్తవలేదుగా. మెసేజ్ చూడు, ఒకటే వచ్చింది."

"మరి పిన్ను అడగలేదేంరా? కార్డు ఎవడైనా కొట్టేస్తే?"

"5,000 రూపాయలు దాటితేనే తప్పనిసరిగా అడుగుతుంది. కార్డు పోతే వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి బ్లాక్ చేయించాలి. కావాలంటే యాప్‌లో పరిమితి తగ్గించుకోవచ్చు."

"అయితే వెయ్యికి తగ్గించు. ఇప్పుడే."