నాలుగు గళ్లలో నిలకడైన గడి ఏది?

ఇద్దరు ఆటగాళ్ల ప్రతిఫలాల పట్టికలో ఒకరి ఎంపికలు అడ్డు వరుసల్లో, రెండోవారి ఎంపికలు నిలువు వరుసల్లో ఉంటాయి. ప్రతి గడిలో రెండు అంకెలుంటాయి. మొదటిది అడ్డు వరుసను ఎంచుకునేవారికి దక్కేది, రెండోది నిలువు వరుసను ఎంచుకునేవారికి దక్కేది. ఎదుటివారు ఏం ఎంచుకుంటున్నారో తెలియకుండానే ఇద్దరూ ఒకేసారి తమ వరుసను ఎంచుకోవాలి.

అమెరికాలోని రాండ్ సంస్థలో 1950 జనవరిలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అనే ఇద్దరు గణితవేత్తలు ఇలాంటి పట్టికతోనే ఒక ప్రయోగం చేశారు. ఆడినవారు ఆర్థికవేత్త ఆర్మెన్ ఆల్చియన్, గణితవేత్త జాన్ విలియమ్స్. ఆల్చియన్‌వి అడ్డు వరుసలు, విలియమ్స్‌వి నిలువు వరుసలు. అంకెలన్నీ సెంట్లలో ఉన్నాయి.

| | ఎడమ | కుడి |
|---|---|---|
| పై వరుస | −1, 2 | 0.5, 1 |
| కింది వరుస | 0, 0.5 | 1, −1 |

ముందు ఆల్చియన్ వైపు నుంచి చూడాలి. అప్పుడు ప్రతి గడిలో మొదటి అంకెను మాత్రమే పట్టించుకోవాలి. విలియమ్స్ ఎడమ ఎంచుకున్నాడనుకుంటే, పై వరుసలో ఆల్చియన్‌కు ఒక సెంటు నష్టం, కింది వరుసలో లాభమూ లేదు, నష్టమూ లేదు. కాబట్టి కిందిదే మేలు. విలియమ్స్ కుడి ఎంచుకుంటే పైన అర సెంటు, కింద ఒక సెంటు. అప్పుడూ కిందిదే మేలు. ఎదుటివారు ఏం చేసినా ఒకే ఎంపిక మెరుగ్గా ఉంటే దాన్ని ఆధిక్య వ్యూహం అంటారు. ఆల్చియన్‌కు అది కింది వరుస.

విలియమ్స్ వైపు నుంచి చూసేటప్పుడు రెండో అంకెలను అడ్డంగా పోల్చాలి. పై వరుసలో ఎడమన 2, కుడిన 1. కింది వరుసలో ఎడమన అర సెంటు, కుడిన ఒక సెంటు నష్టం. రెండుసార్లూ ఎడమే గెలిచింది కనుక అతని ఆధిక్య వ్యూహం ఎడమ. ఒకే గడిలోని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరికి ఎక్కువ వచ్చిందని చూడటం ఇక్కడ పనికిరాదు. ప్రతివారూ పోల్చుకోవలసింది తమకు వచ్చినదాన్ని తమకు రాగలిగినదానితోనే.

ఇద్దరి ఆధిక్య వ్యూహాలూ కింది ఎడమ గడిలో కలుస్తాయి. అది నిజంగా నిలకడైనదో కాదో తేల్చడానికి ఒక్కో గడిలో నిలబడి, ఎదుటివారు కదలకుండా తానొక్కడే మారితే లాభముందా అని అడగాలి. పై ఎడమ గడిలో ఆల్చియన్ కిందికి దిగితే నష్టం తప్పుతుంది, కనుక అక్కడ ఉండడు. కింది కుడి గడిలో విలియమ్స్ ఎడమకు జరిగితే నష్టం పోయి అర సెంటు వస్తుంది, కనుక అతను ఉండడు. పై కుడి గడి ఇద్దరికీ లాభసాటిదే, కానీ అక్కడ ఇద్దరికీ ఆశ పుడుతుంది. కిందికి దిగితే ఆల్చియన్‌కు అర సెంటు ఒక సెంటు అవుతుంది, ఎడమకు జరిగితే విలియమ్స్‌కు ఒక సెంటు రెండవుతుంది. కింది ఎడమ గడిలో మాత్రం ఎవరు ఒంటరిగా కదిలినా ఒక సెంటు నష్టమే. అందుకే అక్కడి నుంచి ఎవరూ కదలరు. ఇలాంటి స్థితినే నాష్ సమతౌల్యం అంటారు. నాలుగు గళ్లలో ఇదొక్కటే అలాంటిది.

పుస్తకంలోని పట్టికను ఫొటో తీసుకుని లెక్క చేసేటప్పుడు మైనస్ గుర్తు మసకబారితే జవాబే మారిపోతుంది. పై ఎడమ గడిలోని −1 పొరపాటున 1గా కనిపించిందనుకుందాం. విలియమ్స్ ఎడమన ఉంటే ఆల్చియన్‌కు పై వరుస, కుడిన ఉంటే కింది వరుస మేలవుతాయి. అంటే అతనికి ఆధిక్య వ్యూహమే ఉండదు. విలియమ్స్‌కు ఎడమ ఎలాగూ మేలు కనుక ఆల్చియన్ పైకి వెళ్తాడు, నిలకడైన గడి పై ఎడమకు మారుతుంది. ఫొటోలో కనిపించిన అంకెలను కాగితం మీద తిరిగి రాసుకుని, గుర్తులను అసలు పుస్తకంతో సరిచూసుకున్నాకే పోలిక మొదలుపెట్టాలి.

అసలు పట్టికలో ఆలోచింపజేసేది ఇద్దరి వివేకమూ కలిసి తెచ్చిన ఫలితం. నిలకడైన గడిలో ఆల్చియన్‌కు సున్నా, విలియమ్స్‌కు అర సెంటు. నిలవని పై కుడి గడిలో ఒకరికి అర సెంటు, మరొకరికి ఒక సెంటు. ఎవరి మేలు వారు చూసుకుని ఇద్దరూ తక్కువతో మిగిలారు. ఇదే చిక్కును ఆల్బర్ట్ టక్కర్ అదే ఏడాది ఇద్దరు ఖైదీల కథగా చెప్పడంతో దానికి ఖైదీల సందిగ్ధం అన్న పేరు స్థిరపడింది.

అయితే ఈ తర్కం ఒక్కసారి ఆడే ఆటకు సంబంధించినది. ఆల్చియన్, విలియమ్స్ వరుసగా వంద సార్లు ఆడారు. ఈసారి మోసపోయినవాడు వచ్చేసారి బదులు తీర్చుకోగలడు. జాన్ నాష్ కూడా దీన్ని వంద విడి ఆటలుగా కాక, ఒకే పెద్ద ఆటగా చూడాలని ఎత్తిచూపాడు. ఆ వందలో సిద్ధాంతం చూపిన నిలకడైన గడి 14 సార్లే వచ్చింది. ఇద్దరికీ మేలైన పై కుడి గడి 60 సార్లు వచ్చింది.