కార్డు ఫీజు వెనక్కి రావాలంటే

క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో ఏడాదికోసారి ఒక వరుస కనిపిస్తుంది: వార్షిక రుసుము 1,000 రూపాయలు, దాని కింద 18 శాతం జీఎస్టీ 180. ఏడాదిలో లక్ష ఖర్చు చేస్తే ఫీజు ఉండదని కార్డు ఇచ్చేటప్పుడు చెప్పారు. లక్ష దాటేశాం కదా, మరి ఇదెందుకు వేసినట్టు?

చాలాసార్లు తేడా లెక్కలోనే ఉంటుంది. బ్యాంకు చూసేది క్యాలెండర్ సంవత్సరం కాదు, కార్డు తీసుకున్న నెల నుంచి తిరిగి అదే నెల దాకా. పైగా పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్లో వేసుకున్న డబ్బు వంటివాటిని చాలా కార్డుల్లో ఆ లక్షలో కలపరు. వెనక్కిచ్చేసిన వస్తువుల డబ్బూ తీసేస్తారు. ఒక ఉదాహరణ చూద్దాం. మొత్తం వాడకం 1,06,000. అందులో పెట్రోలు 9,000, వాలెట్ 5,000. బ్యాంకు లెక్కకు మిగిలేది 92,000. అంటే 8,000 తక్కువ.

ఇది పట్టుకోవడానికి రివార్డు పాయింట్ల పట్టిక బాగా పనికొస్తుంది. ఏ ఖర్చుకు పాయింట్లు పడలేదో, అది ఫీజు మాఫీ లెక్కలోనూ లేకపోయే అవకాశం ఎక్కువ. రెంటికీ నియమాలు ఒకటే అని మాత్రం అనుకోకండి. కార్డు నిబంధనల్లో ఓసారి చూసుకోండి.

లక్ష నిజంగా దాటి ఉంటే ఫీజు తీసేయమని ధైర్యంగా అడగొచ్చు, అది మీకు రావలసిందే. దాటకపోతే అది విన్నపమే, బ్యాంకు ఒప్పుకోవాలన్న రూలేమీ లేదు. అప్పుడు కస్టమర్ కేర్‌కు ఇలా చెప్పండి: "మేడమ్, ఈ ఏడాది 92,000 వాడాను, బిల్లు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఫీజు రివర్స్ చేయగలరా? లేదంటే కార్డు మూసేద్దామనుకుంటున్నాను." మూసే మాట వస్తే, కస్టమర్లు పోకుండా చూసే విభాగానికి కాల్ కలపవచ్చు. అక్కడ మాఫీ దొరకొచ్చు, లేదా 'మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తే వెనక్కిస్తాం' అనొచ్చు. ఆ ఖర్చు మీకు ఎలాగూ ఉండేదైతేనే ఒప్పుకోండి.

"మీ పాయింట్లతో ఫీజు సర్దేస్తాం సార్" అన్నా అనొచ్చు. ఇది మాఫీ కాదండీ! పాయింటు విలువ పావలా అయితే 1,000 రూపాయలకు 4,000 పాయింట్లు పోతాయి, జీఎస్టీ మీదే పడొచ్చు. వేరే దారిలో వాడుకోలేని పాయింట్లయితే సరే, లేకపోతే వద్దనండి. కార్డు మూసేస్తాననేది నిజంగానే అయితే ముందు పాయింట్లు వాడేసుకోండి, మూసేశాక సాధారణంగా అవి మిగలవు. బాకీ ఏమీ లేకుంటే, అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకివ్వాలి.

ఈలోగా గడువు తేదీ వస్తే ఫీజుతో సహా కట్టేయండి, ఆపితే వడ్డీ, లేటు ఫీజు పడతాయి. రివర్స్ చేస్తామంటే రిక్వెస్ట్ నంబరు రాసుకోండి. తర్వాతి స్టేట్‌మెంట్‌లో 1,000 ఒక్కటే జమైందా, 180 కూడా జమైందా చూడండి. అది రాకపోతే అదే నంబరు చెప్పి మళ్లీ ఫోన్ చేయాలి.