బకాయి అడిగే మెయిల్: ఘాటు పెంచితే డబ్బు వస్తుందా?

ఉద్యోగం మానేశాక రావాల్సిన సొమ్ము చెప్పిన తేదీకి పడకపోతే, మెయిల్ ఎంత ఘాటుగా రాస్తే అంత త్వరగా కదులుతారని చాలామంది నమ్మకం. బతిమాలితేనే కనికరిస్తారని మరికొందరు అంటారు. రెండూ అపోహలే. మెయిల్ చదివే హెచ్‌ఆర్ ఉద్యోగి చేతిలో సాధారణంగా డబ్బుండదు. ఆయన దాన్ని అకౌంట్స్‌కి పంపి, పైవాళ్ల ఆమోదం తెప్పించాలి. ఇంకేమీ వెతక్కుండా ఆయన ఆ పని చేయగలిగితేనే మెయిల్ బాగా కుదిరినట్టు.

"ఇన్నాళ్లుగా తిప్పుతున్నారు, ఇది మోసం, నా డబ్బులు వెంటనే వేయండి" అనే ముసాయిదా తీసుకుందాం. కోపం న్యాయమైనదే. కానీ ఎంత రావాలో, ఎప్పటికిస్తామన్నారో అందులో లేదు. పైగా 'మోసం' అనే మాట చూడగానే మెయిల్‌ని లీగల్ విభాగానికి పంపి చేతులు దులుపుకోవచ్చు. దాన్నే ఇలా దిద్దొచ్చు: "జూన్ 20లోగా చెల్లిస్తామని జూన్ 3న మీరు రాశారు. ఈరోజు 24, సొమ్ము ఇంకా జమ కాలేదు. చివరి నెల జీతం రూ.46,000, మిగిలిన సెలవులకు రూ.18,400, ప్రయాణ ఖర్చులు రూ.3,250, మొత్తం రూ.67,650 రావాలి. ఏదైనా కోత ఉంటే వివరం పంపండి. ఏ తేదీన జమ చేస్తారో శుక్రవారంలోగా తెలపగలరు." దీన్ని కొత్త మెయిల్‌గా కాక, జూన్ 3 నాటి మెయిల్‌కి జవాబుగా పంపాలి. వాళ్లిచ్చిన మాట కిందే కనిపిస్తుంది. ఆ మాట ఫోన్‌లోనే ఇచ్చి ఉంటే, ఫలానా రోజు ఫోన్‌లో చెప్పారని రాయాలి. వాళ్లు కాదనకపోతే, రేపు తగవు వచ్చినప్పుడు ఆ వాక్యమే పనికొస్తుంది.

కంపెనీ పాలసీ ప్రకారం 45 రోజులు ఆగక తప్పదన్నది ఇంకో అపోహ. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికైనా వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. అంతకుముందున్న 1936 నాటి చట్టం నెలకు రూ.24,000 దాటిన జీతాలకు వర్తించేది కాదు, పాత నమ్మకం నిలవడానికి అదీ ఒక కారణం కావచ్చు. అయితే ఈ గడువు వేతనానికే. ప్రయాణ ఖర్చుల్ని కూడా దాని కిందికి లాగితే, ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం లెక్కనే పక్కన పెడతారు. గ్రాట్యుటీకి గడువు వేరే, 30 రోజులు.

చట్టం ఎత్తితే రిలీవింగ్ లెటర్ ఆపేస్తారన్న భయం ఉంటుంది. అది ఉత్తుత్తి భయమని నేననను. అందుకే మొదటి మెయిల్‌లో చట్టం ఊసే అక్కర్లేదు. లెటర్ రాకపోతే దాన్నీ అందులోనే అడగాలి. శుక్రవారం దాటినా జవాబు లేకపోతే, రెండో మెయిల్‌లో వేతనం గడువు గురించి ఒక్క వాక్యం, కార్మిక శాఖకు ఫిర్యాదు చేస్తానని మరో వాక్యం, అకౌంట్స్ అధిపతికి ఒక కాపీ చాలు.