ఇరవై ఏళ్ల నాటి మాత్ర

"షుగర్ తగ్గింది, బీపీ తగ్గింది, థైరాయిడ్ కూడా తగ్గింది" అని మురిసిపోయే పెద్దావిడలు చాలామంది కనిపిస్తారు. తిరకాసంతా ఆ మూడోదానిలోనే ఉంది. రిపోర్టులో చూసే టీఎస్‌హెచ్ థైరాయిడ్ హార్మోను కాదు. హార్మోను చాలడం లేదని పిట్యూటరీ గ్రంథి పెట్టే కేక అది. ఒంట్లో హార్మోను ఎక్కువైతే కేక ఆగుతుంది, అంకె పడిపోతుంది. అంటే టీఎస్‌హెచ్ బాగా తగ్గిందంటే చాలాసార్లు మాత్ర ఎక్కువైందనే.

ఒకావిడ సంగతి ఊహించుకుందాం. యాభయ్యో ఏట థైరాయిడ్ పూర్తిగా మొరాయించింది. బరువు 64 కిలోలు. కిలోకు 1.6 మైక్రోగ్రాముల లెక్కన 100 మైక్రోగ్రాముల లివోథైరాక్సిన్ రాశారు. ఇప్పుడామెకు 70 ఏళ్లు, బరువు 52 కిలోలు. పాత లెక్కే వేసినా 83 చాలు. పైగా వయసు మీరాక హార్మోను ఒంట్లో నెమ్మదిగా ఖర్చవుతుంది, కాబట్టి ఇంకా తక్కువే సరిపోవచ్చు. మందుల షాపులో మాత్రం అదే సీసా. ఇన్నాళ్లూ కాఫీతో వేసుకున్న మాత్రను కూతురి పోరు పడలేక పరగడుపున వేసుకోవడం మొదలుపెట్టింది. ఒంటికి పట్టేదీ పెరిగింది. టీఎస్‌హెచ్ 0.08కి దిగింది. ఉండాల్సిన కనీసం 0.4.

ఎముకలో పాతది తవ్వి తీసే కణాలు, కొత్తది పూడ్చే కణాలు పక్కపక్కనే పనిచేస్తాయి. ఒక చోట తవ్వి పూడ్చడానికి మామూలుగా ఆరేడు నెలలు పడుతుంది. హార్మోను ఎక్కువైతే ఆ గడువు సగానికి కుంచించుకుపోతుంది. తవ్వకం జోరందుకుంటుంది, పూడిక వెనకబడుతుంది. గ్రంథి తానే అతిగా పనిచేసినా, మాత్ర మోతాదు మించినా ఎముకకు తేడా తెలియదు. అతి థైరాయిడ్‌తో చనిపోయిన ఒక యువతి ఎముకలు పురుగు తొలిచినట్టున్నాయని జర్మన్ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ 1891లోనే రాశాడు. ముట్లుడిగాక ఎముకకు ఈస్ట్రోజెన్ అండ కూడా ఉండదు. నొప్పి తెలియదు. గుండెదడ, చేతి వణుకు ఉంటే వయసు మీదకు తోసేస్తారు. బాత్‌రూములో జారినప్పుడు మణికట్టో తుంటో విరిగితే గానీ గుట్టు బయటపడదు.

కెనడాలోని ఒంటారియోలో ఈ మందు వాడే 70 ఏళ్లు దాటిన రెండు లక్షల మందికి పైగా రికార్డులు పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు 93 మైక్రోగ్రాములకు మించి వేసుకునేవారిలో ఎముకలు విరిగే అవకాశం, 44 లోపు వాడేవారికంటే మూడు రెట్లకు పైగా తేలింది. అది మోతాదుల లెక్కే, రక్తపరీక్షలది కాదు. కాబట్టి తప్పంతా మాత్రదేనని తీర్పు చెప్పలేం.

అలాగని మాత్ర మానేయకూడదు. సరిపడా హార్మోను లేకపోతే వచ్చే తిప్పలు వేరు. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారిలో కొందరికి టీఎస్‌హెచ్‌ను కావాలనే తక్కువగా ఉంచుతారు. మిగతావారికి డాక్టరు 100ను 75 చేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ రక్తం పరీక్షిస్తారు. అంతకంటే ముందు చేయిస్తే అంకె నిలకడగా ఉండదు. ఈసారి అమ్మను చూపించడానికి వెళ్లినప్పుడు రిపోర్టుతో పాటు ఆమె ఇప్పటి బరువెంతో కూడా డాక్టరుకు చెప్పండి.