ఎత్తని ఫోనుకూ బిల్లు

విజయవాడలో ఎరువుల దుకాణం ఉన్న ఒకాయన మన సిమ్‌తోనే దుబాయ్ వెళ్లాడనుకుందాం. తాను ఎత్తకపోతే కాల్ దుకాణం ఫోనుకు వెళ్లేలా బయల్దేరే ముందే పెట్టుకున్నాడు. గుంటూరు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఇరవై సెకన్లు మోగినా ఈయన ఎత్తలేదు, కాల్ దుకాణానికి వెళ్లింది. గుమాస్తా పది నిమిషాలు మాట్లాడాడు. రైతుకు పడింది మామూలు దేశీయ కాల్ ఖర్చే. మిగతాది దుబాయ్‌లో ఉన్నాయన ఖాతాలో పడుతుంది.

ఎందుకంటే ఎత్తుతాడో లేదో తెలియాలంటే కాల్ ముందు దుబాయ్ దాకా వెళ్లి మోగాలి. ఎత్తలేదని తేలాక అక్కడి నెట్‌వర్క్ దాన్ని మళ్లీ విజయవాడకు పంపుతుంది. అది దుబాయ్ నుంచి ఇండియాకు ఆయన చేసిన కాల్ కిందే లెక్క. నిమిషానికి వంద రూపాయల రేటు అనుకుంటే ఆ ఒక్క సంభాషణకే వెయ్యి. చాలా ప్లాన్లలో దుబాయ్ దాకా వచ్చినందుకు రోమింగ్ ఇన్‌కమింగ్ చార్జీ కూడా కలుస్తుంది. దుకాణం ఫోను బదులు వాయిస్‌మెయిల్ ఉన్నా దారి ఇదే, అవతలివాళ్లు ఒక్క మాటా చెప్పకుండా పెట్టేసినా సరే. వోల్టీ రోమింగ్ ఉన్నచోట మళ్లింపు సాధారణంగా స్వదేశంలోనే జరిగిపోతుంది కాబట్టి ఈ చుట్టుతిరుగుడు తప్పుతుంది.

అన్ని కాల్స్‌నూ మళ్లించే 21 కోడ్‌తో ఈ బాధ లేదు. కాల్ దుబాయ్ వెళ్లకుండా మన దేశంలోనే తిరిగిపోతుంది. చిక్కంతా షరతు మీద మళ్లే వాటితోనే: ఎత్తకపోతే 61, అందకపోతే 62, బిజీగా ఉంటే 67. అందులో 62 విచిత్రమైనది. ఫోన్ మామూలుగా స్విచాఫ్ చేస్తే ఆ సంగతి నెట్‌వర్క్‌కు ముందే తెలుస్తుంది కాబట్టి కాల్ ఇక్కడే మళ్లుతుంది. సిగ్నల్ హఠాత్తుగా పోతే మాత్రం అక్కడి నెట్‌వర్క్ ఇంకా ఉన్నాడనుకుని వెతుకుతుంది, దొరక్కపోతే అక్కడి నుంచే తిప్పి పంపుతుంది.

ప్రయాణానికి ముందు, ఇక్కడుండగానే ఏ మళ్లింపు ఎక్కడికి ఉందో చూసుకుని, షరతువన్నీ ఒకేసారి తీసేయాలి.

```
*#61#
*#62#
*#67#
##004#
```

62 అడిగితే మీరెప్పుడూ పెట్టని నంబరు కనిపించవచ్చు. కంగారు పడక్కర్లేదు, మిస్డ్ కాల్ సమాచారం పంపడానికి కంపెనీలు తమ నంబరు పెట్టడం మామూలే. తీసేస్తే ఆ మెసేజ్‌లు ఆగిపోతాయి, తిరిగొచ్చాక మళ్లీ పెట్టించుకోవాలి. 21 కింద తెలియని నంబరు ఉంటే మాత్రం ఆ క్షణమే ##21# కొట్టండి. పార్సిల్ డెలివరీ పేరుతో ఫోన్ చేసి, మన చేతనే 21 కోడ్ నొక్కించి, ఓటీపీ చెప్పే కాల్స్‌ను తమవైపు తిప్పుకునే మోసగాళ్లున్నారు.

ఈసరికే బిల్లు వచ్చేసి ఉంటే వివరాలు తెప్పించుకుని చూడండి. ఒకే సమయంలో ఒక ఇన్‌కమింగ్, దాని వెంటే మీరు డయల్ చేయని అవుట్‌గోయింగ్ కనిపిస్తే, ఆ రెండో నంబరు మీరు మళ్లింపు పెట్టుకున్నదే అయితే, డబ్బు పోయింది ఇలాగే.